పద్నాలుగు నెలల కంపెనీ

ఒనెర్వ నన్ను సలహా అడిగిన రోజుకి సరిగ్గా రెండు రోజుల ముందు రైమో నా చేత కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ఆ వరస తారుమారై ఉంటే ఈ కథే లేదు. నేను నిజంగా తెలియక చెప్పినదాన్నయ్యేదాన్ని, ఇప్పుడు హాయిగా నిద్రపోతూ ఉండేదాన్ని.

రైమో నా పై అధికారి. ఉత్తరాన మంచు దేశంలో ఉన్న మా ఔలు ఊళ్లో మొబైల్ టవర్లకి రేడియో పెట్టెలు తయారుచేసే పెద్ద కంపెనీలో నేను ఇరవై ఏడేళ్లుగా ఉన్నాను. ఒక పరీక్షల బృందానికి పెద్దని. ఆ ఆగస్టు మంగళవారం అతను నన్ను చిన్న గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మా దగ్గర తలుపు వేస్తే ఎవరో పోయారనైనా అర్థం, ఎవరినో పంపబోతున్నారనైనా అర్థం.

"అక్టోబర్లో మార్పు చర్చలు ప్రకటిస్తారు, సీర్ప," అన్నాడు. "ఔలులో నూట ఎనభై మంది. మనది షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ కదా, ముందే బయటికి పొక్కితే నేరం. తెలిసినవాళ్ల జాబితాలో నీ పేరు ఎక్కించారు. ఇక్కడ సంతకం పెట్టు. ఇంట్లో మీ ఆయనకి కూడా చెప్పకూడదు."

"మా ఆయనకి చెప్పినా వినడులే," అన్నాను. నవ్వలేదు ఇద్దరం.

మార్పు చర్చలు అనే మాట ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. ఏదో కుర్చీలు అటూ ఇటూ జరుపుతారేమో అనిపిస్తుంది. ఆరు వారాలు కంపెనీ వాళ్లూ ఉద్యోగుల ప్రతినిధులూ కూర్చుని మాట్లాడుకుంటారు, చివర్లో మొదట అనుకున్నంత మందీ ఇంటికి పోతారు. ఈ ఊళ్లో పుట్టిన వాళ్లకి నడక నేర్చుకోకముందే ఆ మాట తెలుసు.

సంతకం పెట్టాక రైమో ఇంకో మాట అన్నాడు. "నీ బృందంలో ఒక ఖాళీ ఉంది కదా. ఆ అమ్మాయి, మన దగ్గర డిగ్రీ ప్రాజెక్టు చేసింది, తనని తీసుకో. ఈ నెలాఖరు తర్వాత కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేస్తారు. తరవాత ఆ ఖాళీ మనకి ఉండదు."

"అక్టోబర్లో జనాన్ని తీసేస్తూ ఆగస్టులో తీసుకోవడమేంటి?"

అతను కిటికీ బయటికి చూశాడు. "ఆరుగురిలోంచి ఒకరిని తియ్యడం కంటే ఏడుగురిలోంచి ఒకరిని తియ్యడం తేలిక," అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆ క్షణంలోనే అర్థమైంది. నా బృందంలో హన్ను ఉన్నాడు. నాతో పాటు అదే నెలలో చేరినవాడు, యాభై ఏడేళ్లు. ఇంకెక్కడా ఎవరూ తీసుకోరు. అతని పేరు నా చేత్తో రాయలేను. ఎవరిదో ఒకరిది రాయాలి కాబట్టి రాయడానికి వీలైన పేరు ఒకటి కావాలి.

ఒనెర్వకి ఇరవై అయిదేళ్లు. ఊరు పూదస్యార్వి. అంటే దుప్పులు, దోమలు తప్ప మరేం లేని చోటు. రెండు వేసవులు మా దగ్గర పని నేర్చుకుంది, తర్వాత డిగ్రీ ప్రాజెక్టు కూడా నా దగ్గరే చేసింది. మాట తక్కువ, పని ఎక్కువ. మా పరీక్షల్లో నాలుగేళ్లుగా దొంగ సంకేతాలు అసలు సంకేతాల్లా కనిపించి మమ్మల్ని ఏడిపిస్తుంటే, వాటిని వేరు చేసే పద్ధతి ఆ అమ్మాయి రాసింది. రాసి "ఇది పనికొస్తుందేమో" అని గొణిగింది. మా హన్ను ఆ రోజు లేచి నిలబడి, "ఓ పిల్లా, పనికిరావడమా? నా జుట్టు ఊడిపోకముందు ఎక్కడున్నావే నువ్వు?" అన్నాడు.

గురువారం పొద్దున ఆమె నన్ను ఊళ్లో కాఫీ కొట్లో కలుద్దామంది. ఆఫీసులో కాదు అంటేనే ఏదో సలహా అడగబోతోందని నాకు తెలిసింది. అప్పటికే మా కంపెనీ నుంచి ఉద్యోగ పత్రం ఆమెకి వెళ్లింది, జవాబుకి నెలాఖరు గడువు.

సైకిల్ హెల్మెట్ బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసింది. రెండు పేజీలు ఎదురెదురుగా గీతలు కొట్టి రాసుకుంది. మా ఊళ్లో పై అధికారినైనా నువ్వనే అంటాం, అందులో చనువేమీ లేదు. కానీ ఆమె నన్ను నువ్వు అన్నప్పుడల్లా దానిలో కొంచెం చనువు ఉండేది. నాకది ఇష్టంగా కూడా ఉండేది.

"ఇంకో చోటినుంచి కూడా పిలుపొచ్చింది, సీర్ప. వైనో తెలుసా? నా కంటే రెండేళ్లు ముందు చదివాడు. ఇంటి కప్పుల మీద మంచు ఎంత బరువుందో చెప్పే పరికరాలు చేస్తున్నాడు. బడులు, ఆట హాళ్లు, దుకాణాలు, వాటికి. ఎనిమిది మంది ఉన్నారు. నేను తొమ్మిదో దాన్ని."

"జీతం?"

"నెలకి రెండు వేల తొమ్మిది వందల యూరోలు. మీది మూడు వేల ఏడు వందలు. అది కాక వాడు కంపెనీలో వాటా ఇస్తానంటున్నాడు. నూటికి ముప్పావు. నాలుగేళ్లలో కొద్దికొద్దిగా నా పేరున పడుతుంది, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే గుండు సున్నా."

"కంపెనీ మునిగితే మొత్తమే గుండు సున్నా."

"అదీ రాసుకున్నాను," అని వేలితో చూపించింది. నిజంగానే రాసుకుంది.

తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. అక్కడైతే మొదటి నెలనుంచే యాంటెనా గీయడం దగ్గర్నుంచి నిచ్చెనెక్కి కప్పు మీద బిగించడం దాకా అన్నీ తనే చెయ్యాలి. ఏడాదిలో మా దగ్గర అయిదేళ్లలో రానంత పని వస్తుంది. కానీ తప్పు చేస్తే తప్పని చెప్పేవాళ్లు ఉండరు, రేడియో తెలిసినవాళ్లలో తనే పెద్ద. మా దగ్గరైతే ఒక పెట్టెలో ఒక ముక్కకి ఒక పరీక్ష, బహుశా రెండేళ్లు అదే. కానీ పక్కన హన్ను ఉంటాడు, నేనుంటాను, రాసిన ప్రతి లైనూ ఇద్దరు చూస్తారు, లక్ష పెట్టెలు ఒకేలా పనిచేసేలా ఎలా చేస్తారో చూడొచ్చు. ఇవన్నీ నిజాలే. ఆ వయసులో నేను జీతం ఎంత, క్యాంటీన్ ఉందా అని మాత్రం అడిగాను.

"వైనోని ఒకటి అడిగాను," అంది. "నీ దగ్గర ఎన్నాళ్లకి సరిపడా డబ్బుంది అని. వాడు లాప్‌టాప్ తిప్పి బ్యాంకు లెక్క చూపించాడు. పద్నాలుగు నెలలు. తర్వాత ఎవరైనా పెట్టుబడి పెట్టకపోతే మూత. నా మొహం మీదే చెప్పాడు, 'పద్నాలుగు నెలల కంపెనీలో చేరుతున్నావు, తెలుసుకుని చేరు' అని."

"నీకేమనిపించింది?"

"భయమేసింది." నోట్‌బుక్ మూసింది. "మా నాన్న కలప కోతమిల్లు సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా. నాకు తొమ్మిదేళ్లప్పుడు మూతపడింది. మిల్లు అప్పులకి హామీ సంతకాలన్నీ ఆయనే పెట్టాడు, పన్నెండేళ్లు ఆయన జీతంలోంచి కోసుకున్నారు. అమ్మ వెళ్లిపోయింది. పెద్ద గొడవలేం లేవు. మా ఇంట్లో అసలు ఎవరూ అరవరు. ప్రతి నెలా పదిహేనో తారీఖు వస్తే మాత్రం ఆయన జీతం కవరు విప్పకుండా అలా పట్టుకుని కూర్చునేవాడు. నాకు కావాల్సింది ఏమీ లేదు సీర్ప, ప్రతి నెలా ఒకే తారీఖున జీతం పడాలి. రెండేళ్లు చాలు. ఆ రెండేళ్లలో నేర్చుకోవాల్సింది నేర్చుకుంటాను. ఆ తర్వాత ఎక్కడికైనా దూకుతాను."

అప్పుడు అడిగింది. "మీ కంపెనీ గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?"

కాఫీ కప్పు నా చేతిలో ఉంది. నేను తాగాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మా దగ్గర అర్ధం లేదు, పూర్తి అంగీకారమే. చెప్పడానికి ఏమీ లేనప్పుడే మనిషి నోరు మూసుకుంటాడని మా నమ్మకం. వాగేవాడిని అనుమానిస్తాం. మౌనంగా ఉన్నవాడి చేతిలో ఇంటి తాళం పెట్టి వెళ్తాం. ఇంకే దేశపు పిల్ల అయినా "ఏంటి, మాట్లాడవేం?" అని నిలదీసేది. ఒనెర్వ అడగలేదు. మా మనిషి కదా. తల ఊపింది, తన మొహం కాస్త తేలికపడింది.

సంతకం నా చేతులు కట్టేసిందని మీరు అనొచ్చు, నేనూ అనుకున్నాను. కానీ రహస్యం పొక్కించకుండానే చెప్పొచ్చు. "వైనో దగ్గరికే వెళ్లు. ఎందుకని అడక్కు." అయిదు మాటలు. ఏ చట్టమూ దానికి నన్ను జైల్లో పెట్టదు. ఆ అయిదు మాటలు చెప్పలేదు సరికదా, కాఫీ అయిపోయాక, "మొదటి ఉద్యోగం పునాది లాంటిది, పునాది గట్టి నేల మీద వెయ్యాలి" అని కూడా అన్నాను. మౌనంతో ఆగినా సగం పాపమే అయ్యేది. నోటి దురద.

నెలాఖరుకి ముందు రోజు ఆమె సంతకం చేసింది. సెప్టెంబర్ నాలుగున చేరింది. వైనోకి ఫోన్ చేసి చెప్పిందట, వాడు "సరే, నీ లెక్క నీది" అని, రెండు వారాల్లో తాంపెరె నుంచి ఒకడిని తెచ్చుకున్నాడు.

సెప్టెంబర్ అంతా ఆమె సంతోషంగా ఉంది. ఆ మాట రాయడానికి కూడా నాకు ఇష్టం లేదు, కానీ ఉంది. పదిహేనున మొదటి జీతం పడిన రోజు అందరికీ యాలకుల రొట్టెలు కొనుక్కొచ్చింది. హన్ను పక్క బల్లే. వాడు ఆమెకి పాత పరికరాల గుట్టు చెప్పేవాడు, ఆమె వాడికి కొత్త ప్రోగ్రాములు రాసిపెట్టేది. "దీన్ని దత్తత తీసుకుంటున్నా, సీర్ప, కాగితాలు చూడు," అనేవాడు. "ముందు నీ సాక్సుల జత కలుపుకో, తర్వాత పిల్లల్ని పెంచుదువుగాని," అనేది ఒనెర్వ. మూడో వారంలో ఒక పెట్టెలో చలికి మాత్రమే బయటపడే లోపం పట్టుకుంది. మైనస్ ముప్పైలో టవర్ మీద పాడైతే మనిషి ఎక్కాల్సివచ్చేది. అంత లోపాన్ని పట్టుకుని కూడా "ఇది పనికొస్తుందేమో" అనే అంది.

అక్టోబర్ పంతొమ్మిదిన పొద్దున్నే అందరికీ మెయిల్ వచ్చింది. ఔలులో గరిష్ఠంగా నూట ఎనభై మంది.

కాఫీ గదిలో ఒనెర్వ తన కప్పు కడిగి, బోర్లించి, నా వైపు చూసింది. నాకూ అప్పుడే తెలిసిందన్నట్టు నేను తల అడ్డంగా ఆడించాను. అబద్ధం తలతో కూడా ఆడొచ్చు.

"నేను ఇంకా ఆరు నెలల పరీక్షాకాలంలోనే ఉన్నాను కదా," అంది తర్వాత నా గదిలోకి వచ్చి. "ఆ పేరు మీద తీసేస్తారా?"

"లేదు. ఆర్థిక కారణాలకి పరీక్షాకాలం సాకు వాడకూడదు, చట్టం ఒప్పుకోదు."

"అయితే అందరితో సమానమేనన్నమాట."

"సమానమే," అన్నాను.

ఏం సమానం! నవంబర్ చివర్లో రైమో నాకు పట్టిక పంపాడు. ఏడు పేర్లు, మూడు గడులు. పనికి కావాల్సిన నైపుణ్యం ఎంత అనేది మొదటిది, ఒకటి నుంచి అయిదు. ఎన్నేళ్ల సర్వీసు అనేది రెండోది. పోషించాల్సిన పిల్లలు ఎంతమంది అనేది మూడోది. ఉద్యోగుల సంఘంతో ఉన్న ఒప్పందం ప్రకారం ముందు చూడాల్సింది నైపుణ్యమే. పనికి అత్యవసరమైన మనిషిని చివరి దాకా ఉంచాలి. తర్వాతే ఏళ్లూ పిల్లలూ. అంటే దారి ఉంది. ఒనెర్వకి అయిదు వేసి, "దొంగ సంకేతాల పద్ధతి తెలిసినది ఈమె ఒక్కతే, ఈమె పోతే పని ఆగుతుంది" అని రెండు లైన్లు రాస్తే రైమో కూడా కాదనలేడు. అది నిజం కూడా.

మరి అప్పుడు నైపుణ్యంలో అట్టడుగున ఎవరుంటారు? హన్ను. ఈ మధ్య కొత్త పరికరాలు వాడికి అంతుబట్టడం లేదు. ఒనెర్వ పక్కనుండబట్టి నెట్టుకొస్తున్నాడు.

నేను రెండు రోజులు ఆ పట్టిక తెరిచి కూర్చున్నాను. ఇంకో దారీ ఉంది. ఎవరైనా తమంతట తాము వెళ్తామంటే పదకొండు నెలల జీతం ఇచ్చి పంపుతామని కంపెనీ చెప్పింది. బృందంలో ఎవరు లేచినా ఆ ఒకటి పూర్తయినట్టే. బృందపు పెద్దలు కూడా అడగొచ్చు. నాకు యాభై నాలుగు. ఇంటి అప్పు తీరిపోయింది. మా ఆయనకి ఉద్యోగం ఉంది. ఆ ఫారం కూడా తెరిచి చూశాను. పేరు దాకా నింపాను. తర్వాత ఇరవై ఏడేళ్లుగా పొద్దున ఏడింటికి ఎక్కడికి వెళ్తున్నానో గుర్తొచ్చింది, రేపట్నుంచి ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. మూసేశాను.

హన్నుకి నాలుగు వేశాను. ఒనెర్వకి మూడు.

డిసెంబర్ పద్నాలుగు, గురువారం. పదిన్నరకి తలుపు వేసిన చిన్న గది. నేను, ఒనెర్వ, సిబ్బంది విభాగం నుంచి ఒక కుర్రది. ఆ కుర్రది కాగితం చదివింది. ఏడాదిలోపు సర్వీసు కాబట్టి పద్నాలుగు రోజుల నోటీసు, ఇరవై ఎనిమిదితో ముగింపు, ఈ రోజు నుంచే రానక్కర్లేదు. నాలుగు నెలల్లోపు ఇదే పనికి మళ్లీ మనిషి కావాల్సివస్తే ముందు ఆమెనే పిలవాలి, దానికి నిరుద్యోగుల జాబితాలో పేరు ఉండాలి. చదవడం అయ్యాక ఆ కుర్రది మమ్మల్నిద్దర్నీ వదిలేసి పక్క గదికి వెళ్లింది. ఆమెకి ఆ పొద్దున ఇంకా తొమ్మిది మంది ఉన్నారు.

ఒనెర్వ సంతకం పెట్టింది. ఏడవలేదు. వాళ్ల ఇంట్లో ఎవరూ అరవరు కదా.

"నైపుణ్యంలో నాకు ఎంత వేశారో చూడొచ్చా?"

"మూడు," అన్నాను.

"వేసింది నువ్వే కదా."

"నేనే."

కాసేపు ఆ కాగితం అంచు సర్దింది. "కాఫీ కొట్లో అడిగిన రోజుకి నీకు తెలుసా?"

ఈసారి మౌనంగా ఉండే ధైర్యం నాకు లేకపోయింది. "తెలుసు. రెండు రోజుల ముందే తెలుసు. చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు."

"అలాగా." లేచి కోటు వేసుకుంది. గుండీలు ఒక్కొక్కటీ కింది నుంచి పై దాకా పెట్టుకుంది. నేను క్షమించమందామని నోరు తెరిచేలోపు తనే మాట్లాడింది. గొంతు కూడా పెరగలేదు.

"వైనో తన లెక్క చూపించాడు కాబట్టి వాణ్ణి చూసి భయపడ్డాను, సీర్ప. నువ్వు ఏమీ చూపించలేదు కాబట్టి నిన్ను నమ్మాను. నేర్చుకుంటానని వచ్చానుగా, నేర్చుకున్నాను. వాడి దగ్గర పద్నాలుగు నెలలు ఉండేవి. నీ దగ్గర పద్నాలుగు రోజులు."

కోపంగా అని ఉంటే బాగుండేది. నా మీద అరిచి, కుర్చీ తోసేసి వెళ్లినా బాగుండేది. కోపం వస్తే ఎదురు చెప్పొచ్చు, సంజాయిషీ చెప్పొచ్చు, చివరికి మనమే బాధపడ్డట్టు కూర్చోవచ్చు. ఆమె నాకు ఆ వీలు కూడా ఇవ్వలేదు. "నాన్నకి ఇంకా చెప్పలేదు, ఆయనకి నేనే చెప్పాలి, మీరు ఇంటికి ఉత్తరం పంపకండి," అని మాత్రం అడిగి వెళ్లింది. పంపనివ్వనని మాటిచ్చాను. ఉత్తరం అప్పటికే పొద్దున టపాలో వెళ్లిపోయిందని మధ్యాహ్నం తెలిసింది. ఆమె చేరేటప్పుడు ఇచ్చిన చిరునామా నాన్న ఇల్లే.

హన్ను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ఒనెర్వ వెళ్లడం చూశాడు, ఆమె వెళ్తూ వాడి భుజం తట్టడం నేనూ చూశాను.

"మన బృందంలో ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"లేరు."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

వాడు ఊపిరి వదిలాడు. వదిలినందుకు వాడికే సిగ్గేసింది, నేల వైపు చూశాడు. "పాపం పిల్ల," అన్నాడు. గడియారం చూసి, "భోజనానికి వస్తావా? పదకొండైంది," అన్నాడు.

వెళ్లాం. మా దేశంలో ప్రతి గురువారం లాగే బఠాణీ సూపూ, తర్వాత జామ్ వేసిన అట్టూ. క్యాంటీన్ సగం ఖాళీ. మిగిలిన సగం మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా తింటున్నారు. సూపు వేడిగా, బాగుంది. నాకు ఆకలిగా ఉందని అప్పుడే తెలిసింది. లేచి వెళ్లి ఇంకోసారి వడ్డించుకున్నాను.